తరుగు లెక్క: నీటి బరువు పోను గింజ బరువెంత?

వంద కిలోల వడ్లు. తేమ 25 శాతం. కల్లంలో ఆరబోసి 17 శాతానికి తెచ్చారు. ఇప్పుడు కాటా మీద ఎన్ని కిలోలు తూగుతాయి?

కొనుగోలు కేంద్రం దగ్గర ఎవరినడిగినా చాలామంది వెంటనే 92 అంటారు. ఇరవై అయిదులోంచి పదిహేడు తీస్తే ఎనిమిది, వందలోంచి ఎనిమిది పోతే తొంభై రెండు. లెక్క సులువుగా ఉంది, కానీ తప్పు. నిజంగా తూగేది 90 కిలోల 360 గ్రాములు. ఆ కిలోన్నర పైచిలుకు బరువును ఎవరూ కాజేయలేదు, కల్లంలో కోళ్లూ తినలేదు. శాతం అనే మాటను దేనితో పోల్చి చెబుతున్నామో మరిచిపోవడంవల్ల వచ్చిన తేడా అది.

తేమ శాతం అంటే మొత్తం బరువులో నీటి వంతు. 25 శాతం తేమ ఉన్న వంద కిలోల వడ్లలో నీళ్లు 25 కిలోలు, మిగిలిన 75 కిలోలు పిండి, మాంసకృత్తులు, పొట్టు కలిసిన ఎండు పదార్థం. ఎండకు నీళ్లు ఆవిరవుతాయిగానీ ఈ 75 కిలోలు ఎక్కడికీ పోవు. ఆరిన తర్వాత తేమ 17 శాతం అన్నామంటే, ఆ 75 కిలోలే కొత్త బరువులో 83 శాతం అవుతాయి. 75ను 83తో భాగించి వందతో హెచ్చిస్తే 90.36 వస్తుంది. మొదట్లో తీసుకున్న వంద వేరు, చివర మిగిలిన వంద వేరు. నీళ్లు పోయిన కొద్దీ మొత్తమే చిన్నదవుతుంది కాబట్టి 17 శాతాన్ని ఆ చిన్న మొత్తం మీద లెక్కించాలి. అందుకే పోయిన నీళ్లు ఎనిమిది కిలోలు కాదు, తొమ్మిది కిలోల 640 గ్రాములు.

దీన్నే ఒక్క వరుసలో రాసుకోవచ్చు:

```
సరైన బరువు = తూకం × (100 − ఉన్న తేమ) ÷ (100 − ఉండాల్సిన తేమ)
```

వడ్లకు ఉండాల్సిన తేమ 17 అనుకుంటే కింద ఎప్పుడూ 83 ఉంటుంది. ఒకటిని 83తో భాగిస్తే 0.012. అంటే 17కు పైన ఉన్న ప్రతి ఒక్క శాతం తేమకూ క్వింటాలుకు సుమారు 1.2 కిలోల తరుగు న్యాయం. కాగితం, కలం లేనప్పుడు ఈ 1.2 అనే అంకె గుర్తుంటే చాలు.

ఈ 17 ఎక్కడిది? కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే నాణ్యత ప్రమాణాల్లో వడ్లకు గరిష్ఠ తేమ 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం. ఆ హద్దుకు లోబడిన ధాన్యానికే మద్దతు ధర. 2025-26లో సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ఇదే ప్రమాణాల పట్టికలో మట్టి, రాళ్లు, తాలు, రంగు మారిన గింజలు, పక్వానికి రాని గింజలు ఎంతవరకు ఉండొచ్చో కూడా విడివిడిగా ఉంటుంది. తేమ వాటిలో ఒక వరుస మాత్రమే. రైతుకూ కొనేవాడికీ ఎక్కువ గొడవ జరిగేది మాత్రం దాని దగ్గరే.

గొడవ పెరగడానికి పొలంలో వచ్చిన మార్పు ఒక కారణం. ఒకప్పుడు కొడవళ్లతో కోసి, పనలు మడిలోనే ఆరనిచ్చి, మోపులు కట్టి, కుప్ప వేసి, ఆ తర్వాత తీరిగ్గా నూర్చేవాళ్లు. గింజ కల్లానికి వచ్చేసరికే తేమ చాలావరకు దిగిపోయేది. ఇప్పుడు హార్వెస్టర్ పచ్చి పైరును కోసి, అక్కడికక్కడే గింజ రాల్చి ట్రాక్టర్‌లో పోస్తుంది. ఆ గింజలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉండటం మామూలే. నూర్పిడికి పట్టే రోజులు మిగిలాయి, ఆరబెట్టే పని మాత్రం పోలేదు. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి తారు రోడ్డు మీదికి వచ్చింది. కోతల కాలంలో రోడ్డు పొడవునా పరుచుకున్న వడ్ల రాశులు ఆ మార్పు ఫలితమే.

ఒక లాటు తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం. రెండెకరాల మడి. హార్వెస్టర్ కోసిన వడ్లు 50 క్వింటాళ్లు, సాధారణ రకం, తేమ 22 శాతం. ఇందులో ఎండు పదార్థం 39 క్వింటాళ్లు. ఆ రైతు నిజంగా అమ్ముతున్న సరుకు ఇదే. దీన్ని 17 శాతానికి ఆరబెడితే 39ని 0.83తో భాగించగా 46.99 క్వింటాళ్లు. 2,369 రూపాయల చొప్పున లక్షా 11 వేల 314 రూపాయలు.

ఇప్పుడు కల్లంలోనే పచ్చి వడ్లు కొంటానని ఒక వ్యాపారి వచ్చాడనుకుందాం. ఆ లక్షా 11 వేల చిల్లరను తడి బరువైన 50 క్వింటాళ్లకు పంచితే క్వింటాలుకు 2,226 రూపాయలు. మద్దతు ధరతో సరితూగే తడి ధర ఇది. దీన్లోంచి ఆరబెట్టే కూలి, పట్టాల అద్దె, కేంద్రానికి మోసే కిరాయి, ఆ రోజుల్లో వాన పడితే వచ్చే నష్టభయం తీసేస్తే రైతు ఒప్పుకోదగ్గ కనీస ధర తేలుతుంది. వ్యాపారి 1,900 ఇస్తానంటే మొత్తం 95,000. తేడా 16,314 రూపాయలు. రెండెకరాల వడ్లు ఆరబెట్టడానికి 16 వేలు అవుతాయా? ఒక్కో ఊళ్లో ఒక్కో జవాబు రావచ్చు. వర్షం ముంచుకొస్తున్న రోజున 1,900 కూడా మంచి ధరే అనిపించవచ్చు. అప్పుడు కూడా తాను దేనికి ఎంత వదులుకుంటున్నాడో రైతుకు అంకెల్లో తెలియాలి. బేరం అక్కణ్నుంచి మొదలుకావాలి.

అదే లాటును కొనేవాడు వేరే పద్ధతిలో కోశాడనుకుందాం. 'శాతానికి కిలో తరుగు' అన్నాడు. అయిదు శాతాలకు క్వింటాలుకు 5 కిలోలు పోను 47.5 క్వింటాళ్లు. ఇది చూడ్డానికి కోతలా ఉన్నా నిజానికి కొనేవాడికే అర క్వింటాలు నష్టం. ఎందుకంటే న్యాయమైన కోత 6 కిలోల 20 గ్రాములు. ఈ మాట రైతు పక్షాన మాట్లాడేవాళ్లకు రుచించకపోవచ్చు, కానీ లెక్క ఇద్దరికీ ఒకటే. ఇక 'శాతానికి రెండు కిలోలు' అంటే మిగిలేది 45 క్వింటాళ్లు. అక్కడ రైతుకు పోయేది 4,700 రూపాయలు. న్యాయం ఒకటికీ రెండుకీ మధ్యన, ఒకటికి బాగా దగ్గరగా ఉంది.

మీటరు చూడకుండానే కోసే తరుగు సంగతి వేరు. తెలంగాణలో వడ్లు 40 కిలోల సంచుల్లో తూస్తారు. సంచికి కిలో, రెండు కిలోలు తరుగు పేరుతో ఎక్కువ జోకుతున్నారని ప్రతి సీజన్‌లోనూ రైతుల ఫిర్యాదులు పత్రికలకెక్కుతాయి. సంచికి రెండు కిలోలంటే 5 శాతం. పై సూత్రాన్ని తిరగేసి చూస్తే, 5 శాతం కోత న్యాయం కావాలంటే ఆ వడ్లలో తేమ 21.15 శాతం ఉండాలి. అంటే 17 శాతానికి చక్కగా ఆరబెట్టి తెచ్చిన రైతు దగ్గర 21 శాతం పచ్చి వడ్లకు కోయాల్సిన తరుగు కోస్తున్నారన్నమాట. మన లాటులో అది 5,566 రూపాయలు. సంచికి కిలో అయినా 19 శాతం తేమకు సమానం. పైగా ఆరబెట్టినవాడికీ ఆరబెట్టనివాడికీ ఒకే కోత పడితే, వచ్చే ఏడు ఎవరు మాత్రం నాలుగు రోజులు ఎండలో వడ్లు తిరగబోస్తారు? గుండుగుత్త తరుగు పచ్చి వడ్లను తానే కేంద్రానికి పిలుస్తుంది.

మిల్లరు వైపు కూడా చూడాలి. ప్రభుత్వం కోసం ఆడించే మిల్లరు క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఆ వడ్లు 17 శాతమని పత్రంలో రాసి నిజానికి 20 శాతం ఉంటే, క్వింటాలుకు 3 కిలోల 600 గ్రాముల వడ్లు అతనికి అందనట్టే. అయినా బియ్యం మాత్రం లెక్క ప్రకారం ఇవ్వాలి. తేమ ఎక్కువన్న మిల్లరు మాట ప్రతిసారీ సాకు కాదు. సాకో నిజమో తేల్చాల్సింది మీటరు.

ఇక్కడ ఉన్న అసలు లోపం హద్దు పెట్టిన తీరులో ఉంది. 17 అనేది ఒక గేటులా పనిచేస్తోంది. 17.5 ఉంటే వెనక్కి, 17 ఉంటే పూర్తి ధర, 14 ఉన్నా అదే ధర. ఇందులో రెండో అన్యాయం ఎవరి కంటా పడదు. మన రైతు అతిజాగ్రత్తకు పోయి లాటును 14 శాతానికి ఆరబెట్టాడనుకోండి. 39ని 0.86తో భాగిస్తే 45.35 క్వింటాళ్లు. చేతికి వచ్చేది లక్షా 7 వేల 431 రూపాయలు. మంచి సరుకు తెచ్చినందుకు 3,883 రూపాయలు తక్కువ. మిల్లరు ఇంకా ఆరబెట్టుకోవాల్సిన పనిని రైతే చేసిపెట్టి, దానికి తానే ఖర్చు భరించాడు. పాలకు వెన్న శాతాన్ని బట్టి ధర కట్టినట్టు వడ్లకు ఎండు పదార్థాన్ని బట్టి ధర కడితే ఈ చిక్కు ఉండదు. 17 కంటే పైన ఉంటే సూత్రం బరువును తగ్గిస్తుంది, కింద ఉంటే పెంచుతుంది. అది రెండు వైపులా పనిచేస్తేనే న్యాయం. పైకి మాత్రమే పనిచేసే సూత్రం కోతకు మరో పేరు.

హద్దును సడలించిన సందర్భాలు లేకపోలేదు. 2022 అక్టోబరులో అకాల వర్షాలకు తమిళనాడు కావేరి డెల్టాలో కోతలు తడిసినప్పుడు కేంద్రం 19 శాతం దాకా కొనడానికి ఒప్పుకుంది. 19 నుంచి 17కు న్యాయమైన బరువు కోత 2.4 శాతం. గేటును రెండు మెట్లు జరపడం కంటే ఈ అంకెను పట్టికగా అచ్చేసి గోడకు అంటించడం తేలిక.

అయితే పచ్చి వడ్లను ఎంతవరకైనా కొనొచ్చని దీనర్థం కాదు. పచ్చి గింజ బతికున్న గింజ, ఊపిరి పీలుస్తుంది. రాశిలో వేడి పుడుతుంది, బూజు పడుతుంది, గింజ పసుపెక్కుతుంది, మొలకెత్తుతుంది. అప్పుడు పోయేది నీళ్లు కాదు, ఎండు పదార్థమే. ఆ నష్టాన్ని తేమ సూత్రం పట్టుకోలేదు. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలిందంటే నష్టం అప్పటికే మొదలైందని అర్థం. కొనేవాడు ఆరబెట్టే యంత్రం ఉన్నవాడైతేనే 20 దాటిన సరుకుకు సూత్రం ప్రకారం ధర కట్టడం ఇద్దరికీ క్షేమం.

సూత్రం ఎంత సరైనదైనా అందులో వేసే అంకె తప్పయితే ప్రయోజనం లేదు. మన లాటులో మీటరు ఒక్క శాతం తప్పు చూపితే 1,427 రూపాయలు అటో ఇటో పోతాయి. అందుకే మీటరు ఏం కొలుస్తుందో కాస్త తెలియాలి. కేంద్రాల్లో వాడే చేతి మీటరు నీళ్లను నేరుగా కొలవదు. గింజల గుండా విద్యుత్తు ఎలా సాగుతుందో, లేదా గింజలు విద్యుదావేశాన్ని ఎంత పట్టి ఉంచుతాయో చూసి, దాన్నుంచి తేమను అంచనా వేస్తుంది. నీటికి ఈ గుణం ఎండు గింజకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అంచనా కుదురుతుంది. తేమను నిజంగా కొలిచే పద్ధతి ప్రయోగశాలలో ఉంది. గింజలను మర పట్టి, తూచి, 130 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే నీళ్లు. మంచి మీటరు ఈ ఓవెన్ అంకెకు అర శాతం అటూఇటూగా నిలుస్తుంది. దాన్ని ఓవెన్‌తో సరిచూసి ఎన్నాళ్లయిందన్నది అడగదగ్గ ప్రశ్న.

మీటరు బాగున్నా గింజ దాన్ని మోసం చేయగలదు. మధ్యాహ్నం ఎండలోంచి తీసిన వేడి గింజలను, వేడిని సరిచేసుకోని మీటరులో పోస్తే తేమ ఎక్కువ చూపుతుంది. తెల్లవారుజామున మంచు పడ్డ పై పొర కూడా అంతే. ఇందుకు విరుద్ధంగా, ఆరబెట్టే యంత్రంలోంచి అప్పుడే వచ్చిన గింజ పైన ఎండి, లోపల పచ్చిగా ఉంటుంది. మీటరు పైనున్న పొడినే ఎక్కువగా చూసి 16 అంటుంది. రాత్రంతా రాశిలో ఉంటే లోపలి నీరు పైకి వచ్చి, తెల్లారేసరికి అదే లాటు 17.5 అవుతుంది. నిన్న కేంద్రంలో 17, ఈరోజు మిల్లులో 18 అంటే ఎవరో అబద్ధం ఆడారని అప్పుడే అనుకోనక్కర్లేదు. కానీ ప్రతి లారీలోనూ, ఎప్పుడూ ఒకే వైపుకు తేడా వస్తుంటే అనుమానించాల్సిందే.

గింజలు ఎక్కణ్నుంచి తీశారన్నది ఇంకా పెద్ద విషయం. రాశి పైన ఎండ తగిలి ఆరిపోతుంది, అడుగున నేల చెమ్మ ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీస్తే రైతుకు లాభం, అడుగు నుంచి తీస్తే కొనేవాడికి. న్యాయమైన నమూనా అంటే రాశి నాలుగు వైపులా, పైనా నడుమా అడుగునా తీసిన గింజలను ఒక గుడ్డ మీద కలిపి, అందులోంచి మూడుసార్లు మీటరులో పోసి సగటు కట్టడం. మీటరులో వడ్ల రకానికి సంబంధించిన అమరికే పెట్టారా, మొక్కజొన్నది పెట్టారా అని తొంగిచూడటం తప్పేమీ కాదు. కొరికి చూస్తే గింజ టక్కుమని విరిగితే ఆరినట్టని పెద్దలు చెప్పే పరీక్ష రాశి ఎప్పుడు ఎత్తాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. 17కూ 18కీ తేడా పళ్లకు తెలియదు.

మరి 17 దగ్గర ఆపేయడం ఎలా? వడ్లు పలుచగా పరిచి, గంటకోసారైనా కాళ్లతో సాళ్లు తీసి తిరగేస్తే గింజలన్నీ ఒకే తీరుగా ఆరతాయి. మందంగా పోసి వదిలేస్తే పైన 14, కింద 20 ఉండి సగటు 17 అవుతుంది. అంకె బాగుంటుంది, సరుకు బాగుండదు. బాగా ఎండిన గింజ మీద రాత్రి మంచు పడితే అది చెమ్మను పీల్చి లోపల సన్నటి బీటలు వారుతుంది, ఆడించినప్పుడు నూక అవుతుంది. సాయంత్రం రాశి చేసి పట్టా కప్పమనేది అందుకే. గాలిలో తేమ సుమారు 75 శాతం ఉన్న చోట వడ్లు ఎన్నాళ్లు ఉంచినా 14 శాతం దగ్గర నిలుస్తాయి. ముసురు పట్టి గాలి తేమ 90కి చేరితే ఆరిన వడ్లే మళ్లీ బరువెక్కుతాయి. ఇంట్లో నిల్వ ఉంచుకునే వడ్లను 14 కంటే కిందికి దించడం అవసరం. ఈ వారంలో అమ్మే వడ్లను దించడం ప్రస్తుత ధరల పద్ధతిలో శుద్ధ నష్టం.

అమెరికాలో మొక్కజొన్న కొనే గిడ్డంగుల పద్ధతిలో నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ ఆధార తేమ 15 లేదా 15.5 శాతం. కాబట్టి శాతానికి నీటి తరుగు 1.18. చాలా గిడ్డంగులు 1.3, 1.4 దాకా కోస్తాయి. అదనపు భాగం దుమ్ముకూ, రవాణాలో చెదిరిపోయేదానికీ అని చెబుతాయి. ఎండబెట్టే రుసుము మాత్రం వేరే వరుసలో రాస్తాయి. వాటి కోతలన్నీ న్యాయమేనని కాదు. అక్కడి రైతులూ ఆ అదనం మీద పోట్లాడతారు. అయినా రెండు గిడ్డంగుల రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి వాళ్లకు అంకెలున్నాయి. మన దగ్గర నీరు, తాలు, మట్టి, సంచి బరువు, హమాలీ చేతిలో చెదిరినవి అన్నీ కలిసి 'తరుగు' అనే ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. చెదిరేదానికి అర శాతం వేసుకున్నా మన లాటులో 25 కిలోలే. తాలు సంగతి తూర్పారబట్టి తూస్తే తేలిపోతుంది.

అందుకని వడ్లు అమ్మేవాళ్లు అడగాల్సింది తరుగే వద్దని కాదు. రసీదు మీద తూకం, తేమ, 83తో కట్టిన సరైన బరువు, తాలు కోత, మిగతా కోతలు వేర్వేరు వరుసల్లో రాయమని అడగాలి. మీటరు అంకె రాయకుండా తేమ పేరుతో కిలో కోసినా ఆ రసీదు మీద సంతకం పెట్టకండి.